పక్షవాతం గుర్తులు, అంబులెన్స్ నంబరు ఒకే నినాదంలో: ఎలా కూర్చాలి?

ప్రశ్న: "పక్షవాతం వచ్చిన వెంటనే ఇంట్లోవాళ్లు అంబులెన్స్‌కు ఫోన్ చేసేలా, ఆ నంబరు మరిచిపోకుండా ఉండేలా తెలుగులో ఒక చిన్న నినాదం కావాలి. పోస్టరు మీద వేస్తాం, సమావేశాల్లో అందరి చేతా పలికిస్తాం. ఎలా రాస్తే పనిచేస్తుంది?"

సమాధానం:

మీరు ప్రచారం చేసే చోట నంబరు 112 అయితే ఈ వాక్యం వాడండి: "ఒక నవ్వు, ఒక చెయ్యి, రెండు మాటలు. తేడా ఉంటే ఒకటి, ఒకటి, రెండు." నంబరు 108 అయితే ఇది వాడండి: "గుర్తు ఒకటి చాలు, ఆలస్యం సున్నా, వెంటనే నూట ఎనిమిది." మొదటి దానిలో రోగిని పరీక్షించే పద్ధతే నంబరుగా మారుతుంది కనుక అది విడిగా నిలబడగలదు. రెండోది ఎప్పుడు ఫోన్ చేయాలో మాత్రమే చెబుతుంది కనుక దాని పక్కన మూడు గుర్తుల బొమ్మలు తప్పక ఉండాలి. ఈ రెండూ ఇలా ఎందుకు కుదిరాయో, ఎక్కడ పనిచేయవో కింద వివరిస్తాను. నేను అంబులెన్స్‌లో ఈఎంటీగా, అంటే అత్యవసర వైద్య సిబ్బందిలో ఒకరిగా, పదకొండేళ్లుగా పనిచేస్తూ, ఇలాంటి ప్రచార సామగ్రి కూడా తయారు చేస్తున్నాను.

ముందుగా ఒక అపోహ తొలగించాలి. ఇలాంటి నినాదం అడిగేవారు చాలామంది జనానికి నంబరు తెలియకపోవడమే సమస్య అనుకుంటారు. నేను వెళ్లిన పక్షవాతం కేసుల్లో ఎక్కువ ఇళ్లలో నంబరు తెలుసు. తెలియనిదల్లా, తమ కళ్ల ముందు జరుగుతున్నది ఆ నంబరుకు ఫోన్ చేయవలసినంత విషయమని. ఒక కేసు నాకు బాగా గుర్తుంది. యాభై ఎనిమిదేళ్ల ఆవిడ రాత్రి 8:40కి గ్లాసు అందుకోబోతే అది కుడిచేతిలోంచి జారిపడింది. మళ్లీ తీయబోయినా వేళ్లకు పట్టు చిక్కలేదు. మాట కాస్త ముద్దగా వచ్చిందట. నొప్పి లేదు, స్పృహ ఉంది, నడవగలిగింది. చెయ్యి తిమ్మిరెక్కిందనుకుని కాసేపు రుద్దారు, అలసటగా ఉంది కాబోలు, పడుకుంటే తగ్గుతుందని పడుకోబెట్టారు. ఉదయం 5:30కి లేపితే ఆవిడ మాట్లాడలేదు, కుడికాలు కదల్లేదు. మేము వెళ్లేసరికి అంబులెన్స్ నంబరున్న అయస్కాంత బిళ్ల ఫ్రిజ్ తలుపు మీద, గ్లాసు జారిన చోటుకు మూడు అడుగుల దూరంలోనే ఉంది. కోడలు దాని వైపు చూపించి, "నంబరు ఎదురుగానే ఉందండీ, చేతి తిమ్మిరికి అంబులెన్స్ ఏమిటని అనుకున్నాం" అంది.

ఆ ఆలస్యం ఖరీదు ఎంతో వైద్యపరంగా చూడాలి. మెదడుకు వెళ్లే రక్తనాళంలో గడ్డ అడ్డుపడి వచ్చే పక్షవాతంలో, ఆ గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలలోపే ఇస్తారు. ఆ గడువు లెక్క రోగిని మామూలుగా ఉండగా చివరిసారి చూసిన క్షణం నుంచి మొదలవుతుంది, ఇంట్లోవాళ్లు కంగారుపడిన క్షణం నుంచి కాదు. ఆవిడ విషయంలో లెక్క రాత్రి 8:40 నుంచే. ఆసుపత్రికి చేరేసరికి పది గంటలు దాటాయి. పెద్ద నాళంలో గడ్డ ఉంటే గొట్టం పంపి లాగివేసే చికిత్సను ఆరు గంటల వరకు, ఎంపిక చేసిన కొందరికి ఇరవై నాలుగు గంటల వరకు కూడా చేస్తారు కానీ, అది అందరికీ సరిపడేదీ కాదు, అన్ని ఆసుపత్రుల్లో ఉండేదీ కాదు. పెద్ద నాళం మూసుకుపోయినప్పుడు నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో వెలువడిన ఒక వైద్య వ్యాసం లెక్కగట్టింది. గుండెపోటులో నొప్పి మనిషిని ఫోను దగ్గరకు నెడుతుంది. పక్షవాతం చాలామందిలో నొప్పి లేకుండా వస్తుంది కనుక, ఆ నెట్టే పని నినాదమే చేయాలి.

కాబట్టి నినాదంలో నంబరు ఎంత ముఖ్యమో, నంబరును గుర్తుకు తెచ్చే దృశ్యం అంతకన్నా ముఖ్యం. మూతి వంకరపోవడం కనబడగానే నంబరు దానంతటదే నోట్లోకి రావాలి. నంబరు నుంచి గుర్తుల వైపు నడిచే నినాదం పోస్టరు చదివేటప్పుడు బాగుంటుంది, ఆపద వేళ గుర్తురాదు.

ఇంగ్లిషులో ఇందుకు వాడేది ఫాస్ట్ అనే మాట. ఫేస్, ఆర్మ్, స్పీచ్, టైమ్ అనే నాలుగు మాటల మొదటి అక్షరాలతో బ్రిటన్‌లో 1990ల చివర అంబులెన్స్ సిబ్బంది శిక్షణ కోసం కూర్చారు. 2009 నుంచి అక్కడ ప్రజా ప్రచారంలోకీ వచ్చింది. ఇంగ్లిషు వచ్చినవారికి అది ఎంతో చక్కగా అమరుతుంది, ఎందుకంటే ఆ అక్షరాలు కలిస్తే "త్వరగా" అనే అర్థం వస్తుంది. తెలుగులో ముఖం, చెయ్యి, మాట, సమయం అన్న మాటల మొదటి అక్షరాలు కలిపితే ఏ అర్థమూ రాదు. పోస్టరు మీద ఫాస్ట్ అని తెలుగు లిపిలో వేసి కింద వివరణ ఇచ్చినవి నేను చూశాను. ఇంగ్లిషు రాని పెద్దవాళ్లకు అందులో పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

చైనాలోనూ ఇదే చిక్కు ఎదురైంది. అక్కడ అంబులెన్స్ నంబరు 120. ఇంగ్లిషు అక్షరాలు అక్కడి సామాన్యులకు ఉపయోగపడవని గ్రహించిన వైద్యులు నంబరునే గుర్తులుగా మార్చారు. ఒకటి అంటే ఒక ముఖాన్ని చూడు, రెండు అంటే రెండు చేతులను పరీక్షించు, సున్నా అంటే మాటను ఆలకించు. చైనా భాషలో సున్నాకు వాడే మాటా, ఆలకించడమనే అర్థమున్న ఒక మాటా ఒకేలా పలుకుతాయి. ఈ పద్ధతిని 2017లో ఒక ప్రముఖ నాడీవైద్య పత్రికలో వివరించారు. ఆ బృందంలోనివారే తరువాత 112 నంబరున్న దేశాల కోసం అలాంటిదే మరొకటి ప్రతిపాదించారు. అందులో ఒక వైపుకు వంకరపోయిన ముఖం, ఒక బలహీనమైన చెయ్యి, రెండు పెదవుల మధ్య స్పష్టత కోల్పోయిన మాట ఉంటాయి. పరీక్షించే క్రమమే ఫోన్‌లో నొక్కే క్రమం కావడం ఈ పద్ధతి గొప్పదనం. పరీక్ష పూర్తయ్యేసరికి నంబరు కూడా పూర్తవుతుంది.

దీన్ని తెలుగులోకి తెచ్చేటప్పుడు మొదట నేనొక పొరపాటు చేశాను. వాక్యం చివర "నూట పన్నెండు" అని రాశాను. సమావేశంలో పలికించాక, "మరి ఒక నవ్వుకూ నూట పన్నెండుకూ సంబంధం ఏమిటి?" అని ఒక పెద్దావిడ సూటిగా అడిగింది. ఆవిడ అడిగినదానిలో పూర్తి న్యాయం ఉంది. చైనాలో ఆ నంబరును అంకె అంకెగా పలుకుతారు కనుక ఒకటి, రెండు, సున్నా మూడూ చెవికి వినబడతాయి. మనం నూట పన్నెండు అంటే ఒకటి, ఒకటి, రెండు అన్నవి కంటికి కనబడతాయే తప్ప చెవికి వినబడవు. నినాదం నోటితో వ్యాపించవలసినది. అందుకే 112ను ఈ వాక్యంలో ఎప్పుడూ విడివిడి అంకెలుగానే పలికించండి, పోస్టరు మీద కూడా అంకెల మధ్య ఖాళీ వదిలి వేయండి. ఆ ఒక్క మార్పుతో సంబంధం ఏమిటన్న ప్రశ్న మళ్లీ ఎవరి నుంచీ రాలేదు.

ఇప్పుడు ఆ వాక్యంలోని మూడు భాగాలను ఎలా నేర్పాలో చెబుతాను. సమావేశంలో వాక్యం పలికించడంతో ఆపకుండా, ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి చేయించండి.

ఒక నవ్వు: పళ్లు కనబడేలా నవ్వమనాలి. ఊరికే ముఖం చూస్తే తెలియని వంకర నవ్వినప్పుడు బయటపడుతుంది, ఒక వైపు పెదవి కొస పైకి లేవదు.

ఒక చెయ్యి: రెండు చేతులూ అరచేతులు పైకి ఉండేలా ముందుకు చాచి, కళ్లు మూసుకుని, పది అంకెలు లెక్కపెట్టేంత సేపు అలాగే ఉంచమనాలి. ఒక చెయ్యి కిందికి జారినా, లోపలికి తిరిగిపోయినా, అసలు లేవకపోయినా అది గుర్తే. నినాదంలో ఒక చెయ్యి అంటున్నాం కనుక కొందరు ఒకే చెయ్యి ఎత్తమంటారు. రెండూ ఎత్తితేనే పోలిక తెలుస్తుందని, వాలేది ఒక చెయ్యి అని స్పష్టంగా చెప్పాలి. ఈ నినాదంలో నాకున్న ఇబ్బంది ఇదొక్కటే, దీన్ని సరిదిద్దడానికి బొమ్మలో రెండు చేతులూ చాచి, ఒకటి వాలినట్టు గీయిస్తాను.

రెండు మాటలు: రెండు మాటలు మాట్లాడించడం అన్నది తెలుగులో ఎలాగూ వాడుకలో ఉన్నదే. పక్షవాతంలో మాట రెండు రకాలుగా చెడుతుంది కనుక, ఇక్కడ రెండు అన్న అంకెకు నిజంగానే పని దొరికింది. ఒకటి, నాలుక మడతపడి మాట ముద్దగా రావడం. రెండోది, ఉచ్చారణ బాగానే ఉన్నా సరైన మాట దొరక్కపోవడం, లేదా ఎదుటివారు అడిగింది అర్థం కాకపోవడం. అందుచేత ఒక కొత్త వాక్యం చెప్పి తిరిగి పలకమనాలి, ఆ తరువాత ఒక ప్రశ్న అడిగి జవాబు చెప్పమనాలి. పళ్లు లేని పెద్దవాళ్ల మాట ఎప్పుడూ కొంత అస్పష్టంగానే ఉంటుంది కాబట్టి, అది రేడియోలో చెప్పినంత శుద్ధంగా ఉందా అని కాక, ఎప్పటిలా ఉందా అని చూడాలి. నినాదంలో "తేడా" అన్న మాట పెట్టింది ఇందుకే. ఆ తేడా ఇంట్లోవాళ్లు పట్టినట్టు బయటివాళ్లు పట్టలేరు.

108 దగ్గరకు వస్తే కథ మారుతుంది. ఈ నంబరును అందరూ నూట ఎనిమిది అనో, వన్ నాట్ ఎయిట్ అనో అంటారు. ఇది ముందే జనం నోట్లో నానిన సంఖ్య కనుక గుర్తుపెట్టించే శ్రమ లేదు. అయితే ఎనిమిదికి గుర్తు ఏది? ఎనిమిది అంకెలో రెండు సున్నాలు ఉన్నాయి కనుక అవి రెండు పిడికిళ్లు అని, సున్నా అంటే తెరిచిన నోరు అని నేనూ ఒకసారి గీయించి చూశాను. చెప్పినంతసేపూ అందరూ తల ఊపారు. వారం తరువాత అడిగితే ఎనిమిది అంటే ఏమిటో ఒక్కరూ చెప్పలేకపోయారు. వివరిస్తే తప్ప తెలియని పోలిక కంగారులో అసలే గుర్తురాదు. మీరు ఇలాంటి ప్రయత్నం చేస్తున్నట్టయితే దయచేసి మానుకోండి.

ఆ తరువాత నాకు మరో ఆలోచన వచ్చింది. రోగి చేత నంబరునే పలికిస్తే ఎలా ఉంటుంది? "నూట ఎనిమిది అనమను, అనలేకపోతే నూట ఎనిమిదికి ఫోన్ చెయ్యి" అని. నాలుకకూ పెదవులకూ పని కల్పించే మాట, పరీక్షా నంబరూ ఒకటే, ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాను. కొన్ని నెలలు దాన్నే నేర్పాను. ఒక రోజు మా బండిలో ఎక్కిన ఆయన నా వెంట "నూట ఎనిమిది" అని స్పష్టంగా అన్నాడు. ఒకటి నుంచి పది వరకు అంకెలూ తప్పు లేకుండా చెప్పాడు. కానీ నా చేతిలోని పెన్ను చూపించి ఇదేమిటని అడిగితే నోరు తెరిచి, నా ముఖం వైపు చూసి, "అదీ... అదే" అని ఆగిపోయాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. తనకు మాట దొరకడం లేదని ఆయనకు తెలుస్తూనే ఉంది. ఎన్నోసార్లు పలికి అలవాటైన అంకెలు, వారాల పేర్లు, ప్రార్థనల వంటివి, మాటకు సంబంధించిన మెదడు భాగం దెబ్బతిన్నా కొందరిలో నిలిచి ఉంటాయి. అంటే నా పరీక్ష సరిగ్గా అలాంటి రోగిని బాగున్నాడని తేల్చేస్తుంది. ఆ రోజే ఆ వాక్యాన్ని మా కాగితాల్లోంచి తీసేయించాను. మీకు ఎవరైనా ఈ ఉపాయం చెబితే వాడకండి, అంత ఆకర్షణీయంగా ఉండటమే దాని ప్రమాదం.

అందుకే 108కి గుర్తులను అంకెల్లో ఇరికించడం వదిలేసి, ఇంట్లోవాళ్లు తడబడే రెండు చోట్ల అంకెలను నిలిపాను. "ఒక్క చెయ్యే కదా, మూతి బాగానే ఉంది" అని ఆగేవారికి గుర్తు ఒకటి చాలు అన్నది జవాబు. "కాసేపు చూద్దాం" అనేవారికి ఆలస్యం సున్నా అన్నది జవాబు. ఎనిమిదికి అర్థం ఏమీ పెట్టలేదు, పెట్టనవసరం కూడా లేదు. ఒకటి, సున్నా పడగానే ఎనిమిది దానంతటదే వస్తుంది. ఈ వాక్యంతో గుర్తులు తెలియవు కనుక, పైన మూడు బొమ్మలు, వాటి కింద మూడే మాటలు వేయండి: మూతి వంకర, చెయ్యి స్వాధీనం తప్పడం, మాట ముద్ద. ఇంట్లో అనుకునే మాటలు ఇవే. "ముఖ కండరాల బలహీనత" అని వేస్తే చదువుతారు కానీ, మూతి వంకరపోయినప్పుడు ఆ మాట ఎవరికీ తట్టదు. అలాగే పోస్టరు మీద స్ట్రోక్ అని మాత్రమే వేయకండి. చాలామంది దాన్ని గుండెపోటు అనుకుంటారు, కొందరు వడదెబ్బ అనుకుంటారు. పక్షవాతం అని పెద్దగా వేసి, కావాలంటే పక్కన బ్రెయిన్ స్ట్రోక్ అని వేయండి.

ఈ మూడు గుర్తులూ అన్ని పక్షవాతాలనూ పట్టవు. మెదడు వెనుక భాగానికి వచ్చినప్పుడు మూతి, చెయ్యి బాగానే ఉండి, ఉన్నట్టుండి కళ్లు తిరగడం, ఒకటి రెండుగా కనబడటం, నడిస్తే ఒక పక్కకు పడిపోవడం వంటివి ఉండవచ్చు. ఇంగ్లిషు నినాదానికి తూలడాన్నీ, చూపునూ చేర్చినవారు ఉన్నారు. తెలుగు నినాదంలో వాటిని చేర్చమని నేను చెప్పను, ఐదు గుర్తుల నినాదం ఎవరికీ నోటికి రాదు. సమావేశంలో మాట్లాడేవారు ఈ సంగతి నోటితో చెప్పాలి, నవ్వు, చెయ్యి, మాట బాగున్నాయి కనుక భయం లేదన్న అర్థం మాత్రం రానివ్వకూడదు.

పదిహేను నిమిషాల్లో తగ్గిపోయే లక్షణాల గురించి మీరు మరింత గట్టిగా చెప్పాలి. మూతి వంకరపోయి, అంబులెన్స్‌కు ఫోన్ చేసేలోపే సర్దుకుంటే జనం హమ్మయ్య అనుకుని ఫోను పక్కన పెట్టేస్తారు. అది తాత్కాలికంగా అడ్డుపడి తొలగిన గడ్డ కావచ్చు, ఆ తరువాతి ఒకటి రెండు రోజుల్లోనే అసలు పక్షవాతం వచ్చే ముప్పు ఎక్కువ. తగ్గినా ఫోన్ చేయవలసిందే. ఇంకొందరు, తీరా ఫోన్ చేశాక అది పక్షవాతం కాకపోతే సిబ్బంది కోప్పడతారేమోనని జంకుతారు. రక్తంలో చక్కెర బాగా పడిపోయినా ఇలాంటి లక్షణాలే వస్తాయి, అదీ అత్యవసరమే. మేము బండిలోనే వేలికొస రక్తంతో చక్కెర చూస్తాం. రోగ నిర్ణయం ఇంట్లోవాళ్ల పని కాదని, తేడా గమనించి ఫోన్ చేయడమే వారి పని అని చెప్పండి.

నినాదంలో చికిత్స ఏదీ పెట్టకండి. ఒక పోస్టరు నమూనాలో "ముందు ఆస్పిరిన్ ఇవ్వండి" అని చూసి నేను ఆపించవలసి వచ్చింది. గడ్డ అడ్డుపడిందా, నాళం చిట్లి రక్తం కారుతోందా అన్నది స్కాన్ తీస్తే తప్ప తెలియదు. రక్తస్రావమైతే ఆ మాత్ర హాని చేస్తుంది. మింగే శక్తి దెబ్బతిని ఉండవచ్చు కనుక నీళ్లు కూడా పట్టకూడదు. పోస్టరు అడుగున చోటు ఉంటే "ఎన్ని గంటలకు మొదలైందో చూసి ఉంచండి" అన్న ఒక్క వాక్యం వేయండి. ఆసుపత్రిలో అడిగే మొదటి ప్రశ్న అదే.

అచ్చు వేయించే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. పదిహేను ఇరవైమందికి నినాదం నేర్పి, వారం తరువాత కలవండి. "అంబులెన్స్ నంబరెంత?" అని అడగకండి, దానికి అందరూ సరిగ్గానే చెబుతారు. ఇలా అడగండి: "మీ అత్తగారు మాట్లాడుతూ మాట్లాడుతూ మాట తడబడ్డారు, చేతిలోది జారిపోయింది, నొప్పేమీ లేదంటున్నారు. మీరు మొట్టమొదట ఏం చేస్తారు?" వచ్చిన జవాబును వారు చెప్పిన మాటల్లోనే రాసుకోండి. "మా ఆయనకు ఫోన్ చేస్తాను", "తెలిసిన డాక్టరును అడుగుతాను", "కాసేపు పడుకోబెడతాను" అన్న జవాబులు ఎక్కువగా వస్తే, వారికి నంబరు ఎంత బాగా నోటికి వచ్చినా ఆ నినాదం ఇంకా సిద్ధం కాలేదు. మాకు ఆ పరీక్షలో మొదటిసారి ఎక్కువగా వచ్చిన జవాబు "మా అబ్బాయికి ఫోన్ చేస్తాను". అప్పుడు పోస్టరు మీద ఫోను పట్టుకున్న మనిషి బొమ్మ పక్కన "ముందు అంబులెన్స్‌కు, తరువాత అబ్బాయికి" అని చేర్చాం. రెండోసారి అడిగినప్పుడు ఒకావిడ ఆ మాటనే తిప్పి చెప్పింది: "ముందు నూట ఎనిమిదికి చేస్తానండీ, మా వాడికి దారిలో చెబుతాను."